47వ శ్లోకం ఎవరికి చెబుతున్నాం?
గీతా ప్రవచనకర్తలకు బహిరంగ లేఖ



గీతా జయంతి దగ్గరపడుతోంది. మార్గశిర శుద్ధ ఏకాదశి నాటికి ఊరూరా గుళ్ల మండపాల్లో, కల్యాణ మండపాల్లో, టీవీల్లో మీ ప్రవచనాలు మొదలవుతాయి. రెండో అధ్యాయం 47వ శ్లోకం వాటిలో తప్పకుండా వస్తుంది. పని చేయడం వరకే నీ అధికారం, ఫలం మీద నీకు అధికారం లేదన్న ఆ మాట బడికి వెళ్లని వాళ్లకు కూడా తెలుసు. నేను ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరి హెడ్ నర్సుగా పదవీ విరమణ చేసినదాన్ని. పక్షవాతంతో మంచాన పడ్డ అత్తగారికి చివరిదాకా ఇంట్లో నా చేతులతో చేశాను. వార్డులోనూ ఇంట్లోనూ నన్ను నిలబెట్టింది ఆ శ్లోకమే. అది ఇవాళ చాలాచోట్ల చెప్పకూడని మనిషికి, చెప్పకూడని సమయంలో, అదీ సగమే వినిపిస్తోంది. దాన్ని సరిచేయగలిగినవాళ్లు మీరే కాబట్టి మీకే రాస్తున్నాను.

ముందుగా ఆ సగం సంగతి. ఆ శ్లోకంలో ఉన్నవి నాలుగు మాటలు. పని మీదే నీకు అధికారం అన్నది మొదటిది, ఫలాల మీద ఎప్పుడూ లేదన్నది రెండోది. ఈ రెండింటి దగ్గరే సాధారణంగా ఆగిపోతాం. ఫలానికి కారణం నువ్వేనని అనుకోవద్దు అన్నది మూడోది. పని మానుకోవడం మీద మక్కువ పెంచుకోవద్దు అన్నది నాలుగోది. అర్జునుడికి ఆ పూట కావలసింది నిజానికి ఈ నాలుగో మాటే. అతను వచ్చింది గెలుపు మీద ఆశతో ఊగిపోతూ కాదు, విల్లు పక్కన పెట్టేసి. రాజ్యం వద్దు, సుఖం వద్దు, బిచ్చమెత్తుకుని బతుకుతాను అన్నాడు. వినడానికి గొప్ప వైరాగ్యంలా ఉన్న ఆ మాటలను కృష్ణుడు వైరాగ్యంగా ఒప్పుకోలేదు. కష్టమనో భయమనో చేయవలసిన పని వదిలేస్తే అది రాజస త్యాగమని, మోహంతో వదిలేస్తే తామసమని పద్దెనిమిదో అధ్యాయంలో మళ్లీ తేల్చి చెప్పాడు. పని చేస్తూ, దాని మీద అంటుకుపోవడాన్నీ ఫలం మీద హక్కునూ వదలడమే సాత్వికమన్నాడు.

ఈ మాట చెప్పినవాడు ఎక్కడ కూర్చుని చెప్పాడో కూడా మీరు సభలో గుర్తుచేస్తే బాగుంటుంది. ఆయన చేతిలో పగ్గాలున్నాయి. ఆ యుద్ధంలో ఆయన పని రథం తోలడం. మూడో అధ్యాయంలో తనకు మూడు లోకాల్లో పొందవలసింది ఏదీ లేదని, అయినా పని చేస్తూనే ఉన్నానని తన గురించి తానే చెప్పుకున్నాడు. ద్రోణపర్వంలో సైంధవుణ్ణి చంపవలసిన రోజు చూడండి. పొద్దు గుంకేలోగా ఆ పని జరగకపోతే అర్జునుడు అగ్నిలో దూకుతానని ప్రతిజ్ఞ చేసి ఉన్నాడు. అంత తొందరలో, శత్రువుల మధ్య, గుర్రాలు అలసిపోయాయి. అర్జునుడు నేల మీద నిలబడి కాపలా కాస్తుంటే కృష్ణుడు గుర్రాలను విప్పి, వాటి ఒంట్లో దిగిన బాణాలు తీసి, ఒళ్లు నిమిరి, నీళ్లు తాగించి, మేత పెట్టి, అప్పుడు మళ్లీ రథానికి కట్టాడు. ఫలం ఎంత పెద్దదైనా దాని కంగారు చేతిలో ఉన్న పనిని చెడగొట్టలేదు. నేను చదివిన వాటిలో నిష్కామ కర్మకు ఇంతకంటే స్పష్టమైన దృశ్యం లేదు. పైగా అది చెప్పినవాడే చేసి చూపించిన పని.

అందుకే ఈ శ్లోకాన్ని పని చేయించుకునేవాళ్లు పని చేసేవాళ్ల మీద ప్రయోగించినప్పుడు నా మనసు ఒప్పుకోదు. ఔట్‌సోర్సింగ్ మీద పనిచేసే శానిటేషన్ వాళ్లకు నెలల తరబడి జీతాలు అందక, ఒక సమావేశంలో నిలబడి అడిగినప్పుడు, వేదిక మీది పెద్దమనిషి ఒకరు ఈ శ్లోకమే చదివారు. రోగుల సేవ దేవుడి సేవ, ఫలం ఆశించకుండా చేయాలి అన్నారు. వార్డులో రక్తం, మలం, వాంతి తుడిచే ఆ ఆడవాళ్లు బదులు చెప్పలేక తలలు దించుకున్నారు. గీత అంటే వాళ్లకు భక్తి ఉంది. ఆ భక్తినే వాళ్ల నోరు మూయించడానికి వాడుకున్నారు.

జీతం ముందుగా కుదుర్చుకున్న బాకీ. పనిచేసిన రోజే ఆ డబ్బు వాళ్లదైపోయింది. దాన్ని అడగడం ఫలాపేక్ష అయితే ఆ బాకీ ఎగ్గొట్టడాన్ని ఏమనాలి? జవాబు గీతలోనే ఉంది. మూడో అధ్యాయంలో యజ్ఞం గురించి చెబుతూ, ఒకరినొకరు పోషించుకోండి అంటాడు కృష్ణుడు. తనకు అందినదానికి బదులు తిరిగి ఇవ్వకుండా అనుభవించేవాణ్ణి దొంగ అంటాడు. తన కోసం మాత్రమే వండుకుని తినేవాడు పాపాన్నే తింటున్నాడంటాడు. ఇవి నిష్కామ కర్మను బోధించే అధ్యాయంలోనే, దాని పక్కనే ఉన్న మాటలు. చేసేవాడికి ఒక నియమం, పుచ్చుకునేవాడికి ఇంకొక నియమం. చేసేవాడు లెక్క మరిచిపోవచ్చు, పుచ్చుకున్నవాడు మాత్రం మరిచిపోవడానికి వీల్లేదు. మొదటి నియమాన్ని కూలివాడికి వినిపించి రెండోదాన్ని యజమానికి వినిపించకపోతే మనం గీత చెప్పినట్టు కాదు.

ఇక్కడ ఒక నొప్పి కూడా ఉంది, దాన్ని దాటవేయడం నాకు ఇష్టం లేదు. పుట్టుకతో అంటగట్టిన పనినే నీ ధర్మమంటూ తరాల తరబడి కొన్ని కులాలకు గీత పేరుతో చెప్పారు. చాతుర్వర్ణ్యానికి తాత్విక సమర్థనగా గీత నిలబడిందని అంబేద్కర్ రాశారు. ఆసుపత్రుల్లో చీపురు పట్టిన చేతులు ఏ వాడల నుంచి వస్తాయో చూసినదాన్ని కనుక ఆ విమర్శను నేను కొట్టిపారేయలేను. మీరూ కొట్టిపారేయకండి. ఆ చేతులున్న సభలో నిష్కామ కర్మ గురించి మాట్లాడేటప్పుడు, పని మార్చుకునే హక్కూ జీతం అడిగే హక్కూ ఈ బోధకు అడ్డు రావని ఒక్క వాక్యం కలిపి చెప్పండి.

ఇప్పుడు అసలు పనిలోకి వస్తాను. ఫలం మీద ఆశ వద్దు అనగానే చాలామంది ఏం జరిగినా పట్టించుకోకపోవడం అని అర్థం చేసుకుంటున్నారు. అది నేరుగా గీతకు విరుద్ధం. పద్దెనిమిదో అధ్యాయం 25వ శ్లోకంలో తామస కర్మ అంటే ఏమిటో చెప్పాడు. తర్వాత ఏమవుతుందో చూడకుండా, ఎంత నష్టమో చూడకుండా, ఎవరికి బాధ కలుగుతుందో చూడకుండా, తన శక్తి ఎంతో చూసుకోకుండా మొదలుపెట్టే పని తామసం. ఈ నాలుగూ చూసుకోవడం పని చేసేవాడి బాధ్యతన్నమాట. గాంధీగారు అనాసక్తి యోగం పేరిట గీతకు చేసిన అనువాదం 1930లో వెలువడింది. దాని పీఠికలో ఆయన ఇదే విప్పి చెప్పారు: ఫలాన్ని వదలడమంటే ఫలితం గురించి పట్టింపు లేకపోవడం కాదు, ప్రతి పనికీ ఏం ఫలితం రావాలో, దానికి సాధనం ఏమిటో, తనకెంత శక్తి ఉందో తెలిసి ఉండాలి. అదంతా సమకూర్చుకున్నాక కూడా ఆశకు లొంగకుండా పనిలో మునిగినవాడే ఫలత్యాగి.

మా వృత్తిలో దీన్ని రోజూ చూడవచ్చు. పక్షవాతం వచ్చి కదల్లేని మనిషికి ఉండే పెద్ద ముప్పుల్లో ఒకటి పడకపుండ్లు, బెడ్‌సోర్లు. ఒకే వైపు పడుకుంటే నడుము కింది ఎముక దగ్గర, తుంటి దగ్గర, మడమల కింద, మోచేతుల దగ్గర రక్తం అందక చర్మం చచ్చుబడుతుంది. అందుకని రెండు గంటలకోసారి పక్క తిప్పాలి. ఒంటిని పరుపు మీద ఈడ్చకూడదు, దుప్పటితో సహా ఎత్తి జరపాలి. మోకాళ్ల మధ్య దిండు పెట్టాలి, మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టాలి. తిప్పినప్పుడల్లా చర్మం చూడాలి. ఎర్రగా కనిపించిన చోట వేలితో నొక్కి వదిలితే, తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా పరవాలేదు. నొక్కినా ఎరుపు అలాగే ఉంటే పుండు మొదలైనట్టే. ఆ చోటును రుద్దితే మంచిదని ఇళ్లల్లో చాలామంది అనుకుంటారు, కానీ రుద్దకూడదు. ఆ వైపు ఇక బరువు పడనివ్వకూడదు, తడి ఉండనివ్వకూడదు.

ఇందులో ఫలితాన్ని చూడని క్షణం ఏదైనా ఉందా? ప్రతి రెండు గంటలకూ ఫలితాన్ని వేలితో నొక్కి మరీ చూస్తున్నాం. చూడకపోతే అది నిష్కామం అనిపించుకోదు, నిర్లక్ష్యం అవుతుంది. ఆ ఎరుపు చెప్పినదాన్ని బట్టి తర్వాతి పని మారుతుంది. అయితే ఇంత చేసినా ఆ మనిషి బతుకుతుందన్న హామీ లేదు. బతికి లేచినా మనల్ని గుర్తుపెట్టుకుంటుందన్న హామీ లేదు. ఫలితాన్ని కళ్లతో చూస్తూ చేతులు మార్చుకోవడం పనిలో భాగం. అది నాకు రావలసిన బాకీ అని మనసులో రాసుకోవడం మాత్రం పనికి అక్కరలేని బరువు. ఇంత కళ్లకు కట్టినట్టు, ఇంటి మనుషులకు అర్థమయ్యేటట్టు ఈ తేడా చెబితే ఎవరూ శ్లోకాన్ని సోమరితనానికి వాడుకోలేరు.

ఆ బరువు ఎందుకు అక్కరలేదో కూడా గీత ఊరికే ఆజ్ఞలా చెప్పి వదల్లేదు, కారణం చెప్పింది. పద్దెనిమిదో అధ్యాయం 14వ శ్లోకంలో ఏ పనికైనా అయిదు కారణాలన్నాడు: పనికి ఆధారమైన శరీరం, కర్త, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, అయిదోది దైవం. ఈ అయిదింటిలో తానొక్కడే చేస్తున్నానని చూసేవాడికి చూపు సరిగా లేదన్నాడు. మా అత్తగారి సంగతినే ఈ అయిదింటితో చూస్తాను. ఆధారం నా ఒళ్లు, పగలు డ్యూటీ చేసి రాత్రి నిద్ర లేని ఒళ్లు. కర్తను నేను, ఆవిడంటే అప్పటికి నాకున్న ప్రేమా, పాత మనస్పర్థలూ అన్నీ కలిసిన నేను. సాధనాలు నా చేతులు, కళ్లు, వాటికి తోడు ఎయిర్ బెడ్, దిండ్లు, ముక్కు పైపులో పోసే జావ. ప్రయత్నాలు అంటే తిప్పడం, తుడవడం, కాళ్లూ చేతులూ బిగుసుకుపోకుండా ఆడించడం. అయిదోది ఆవిడ వయసు, ఎన్నో ఏళ్ల మధుమేహం, పక్షవాతం వచ్చిన పూట ఆసుపత్రికి చేరడానికి పట్టిన సమయం, మెదడులో ఏ రక్తనాళం మూసుకుపోయింది అన్నది. ఈ చివరిదాని మీద నాకు ఏ అధికారమూ లేదు.

ఆవిడ కోలుకోలేదు. పడకపుండు మాత్రం రాకుండానే వెళ్లిపోయింది. దాన్ని నా గొప్పగా చెప్పుకోను, ఎందుకంటే అంతే జాగ్రత్తగా చూసినా పుండ్లు పడ్డ రోగులను వార్డులో చూశాను. ఒంట్లో మాంసకృత్తులు లేక, రక్తప్రసరణ బాగాలేక చర్మం నిలవలేదు. ఫలానికి కారణం నువ్వేననుకోకు అన్న ఆ మూడో మాట నాకు అక్కడ అర్థమైంది. అది గర్వాన్నీ తీసేస్తుంది, అపరాధ భావాన్నీ తీసేస్తుంది. మీరు మొదటిదాని గురించి బాగా చెబుతారు. రెండోదాని గురించి చాలా తక్కువ వింటాను. కానీ మా వార్డుల్లో మనుషులను తినేసేది రెండోదే. ఇంకో గంట ముందు తెచ్చి ఉంటే, ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఉంటే అంటూ కొడుకులూ కూతుళ్లూ ఏళ్ల తరబడి తమను తామే శిక్షించుకుంటారు. అయిదు కారణాల శ్లోకం వాళ్లకు కావాలి. అయితే ఆ మాట కూడా సమయం చూసి చెప్పాలి.

సమయం అంటే గుర్తొచ్చింది. పద్దెనిమిది అధ్యాయాలూ స్వయంగా విన్న అర్జునుడు, పదమూడో రోజు సాయంత్రం అభిమన్యుడు పోయాడని తెలిసి కుప్పకూలి ఏడ్చాడు. నీకంతా చెప్పాను కదా, మళ్లీ ఈ ఏడుపేమిటి అని కృష్ణుడు నిలదీయలేదు, ఓదార్చాడు. చెల్లెలు సుభద్ర దగ్గరికి వెళ్లి ఆమెనూ ఓదార్చాడు. ప్రేమించినవాళ్లు పోతే దుఃఖించడం నిష్కామ కర్మకు లోపమని మహాభారతం అనలేదు. చావు జరిగిన ఇంట్లో పదో రోజున వచ్చి, ఆశ పెట్టుకున్నావు కనుకే ఈ దుఃఖం అని ఆ తల్లికి శ్లోకం చెప్పేవాళ్లను నేను చూశాను. దయచేసి మీ శిష్యులకు అది వద్దని చెప్పండి.

ఇంటి విషయంలో మీరు ఎక్కువగా చెప్పవలసినది పదమూడో అధ్యాయంలో ఉందని నాకనిపిస్తుంది. అక్కడ జ్ఞాన లక్షణాలు చెబుతూ భార్యాబిడ్డల మీద, ఇంటి మీద అభిష్వంగం లేకపోవడం అన్నాడు. శంకరాచార్యులు ఆ మాటను విప్పిన తీరు ఇవాళ్టి తల్లిదండ్రులందరూ వినాలి. ఇంకొకరితో పూర్తిగా ఏకమైపోయి, వాళ్లు సుఖంగా ఉంటే నేనే సుఖంగా ఉన్నానని, వాళ్లకు దుఃఖమైతే నాకే దుఃఖమని, వాళ్లు బతికితే నేను బతికినట్టు, పోతే నేను పోయినట్టు అనుకోవడమే అభిష్వంగమన్నారు ఆయన. ఎంట్రన్స్ ర్యాంకు వచ్చిన రోజు మన ఇళ్లల్లో జరిగేది అచ్చంగా ఇదే. ర్యాంకు పిల్లవాడిది, పరువు మాది. వాడు తప్పితే మేము తప్పినట్టు. పదిహేడేళ్ల పిల్లవాడి మీద రెండు జీవితాల ఫలం మోపేస్తాం. ఇంటర్ ఫలితాలు వచ్చిన రాత్రి మా క్యాజువాల్టీకి వచ్చే పురుగుమందు కేసుల్లో, ఫెయిలైన పిల్లల ఏడుపు కంటే, ఇంట్లో మొహం ఎలా చూపించను అన్న మాటే ఎక్కువ విన్నాను.

పిల్లల్ని ప్రేమించవద్దని దీని అర్థం కాదు. ఫీజు కట్టండి, పొద్దున్నే లేపండి, లెక్క రాకపోతే మాస్టారి దగ్గర కూర్చోబెట్టండి, నిద్రపోతున్నాడో లేదో చూడండి. ఇవి తల్లిదండ్రుల అధికారంలో ఉన్న పనులు. ర్యాంకుకు మళ్లీ అయిదు కారణాలు, అందులో పిల్లవాడి ఇష్టమూ ఒకటి, ఆ రోజు వాడికి జ్వరం రావడమూ ఒకటి. తల్లిదండ్రులతో ఈ మాట అనాల్సింది పరీక్షల ముందు. ఫలితాలు వచ్చాక చెబితే ఓదార్పులాగా ఉంటుంది తప్ప దారి చూపినట్టు ఉండదు. మీ ప్రవచనాలు జరిగే మార్గశిరం, పుష్యం నాటికి పరీక్షలకు ఇంకా సమయం ఉంటుంది.

ఇక ఇంట్లో సేవ అనగానే సభలో మీ చూపు ఆడవాళ్ల వైపు తిరుగుతుంది. కోడలు అత్తమామలకు ఫలం ఆశించకుండా చేయాలంటారు. నేను చేశాను, ఇష్టంగానే చేశాను. కానీ ఆ మాట నాకు ఇంకొకరు చెప్పి ఉంటే చేయగలిగేదాన్ని కాదేమో. నిష్కామం అనేది ఎవరికి వారు తమ మనసుకు చెప్పుకోవలసిన మాట. కూర్చుని అన్నం తింటున్నవాడు వడ్డిస్తున్నదానికి చెప్పే మాట కాదు. పైగా నేను ముందు చెప్పిన 25వ శ్లోకంలో నాలుగోది తన శక్తి చూసుకోవడం. నిద్ర లేక, నడుము పడిపోయి, బీపీ పెరిగి చివరికి తానే రోగియై వార్డులో చేరిన కోడళ్లను, కూతుళ్లను ఎందరినో చూశాను. మందు వేసుకోవడం మరిచిపోయి పడిపోతారు. చుట్టాలు దాన్ని త్యాగం అంటారు. గీత ఆ పేరు పెట్టదు. శక్తి మించిన బరువును ఒక్కరి మీదే వేసిన ఇల్లు తామసంగా నడుస్తున్నట్టు.

కొడుకులకు చెప్పడానికి మన దగ్గర ధర్మవ్యాధుడి కథ ఉండగా దాన్నెందుకు అంత తక్కువగా చెబుతున్నాం? అరణ్యపర్వంలో మార్కండేయుడు ధర్మరాజుకు చెప్పిన కథ, తెలుగులో ఎర్రన రాసిన భాగంలో వస్తుంది. వేదాలు చదివిన కౌశికుడు కోపంతో చూసి కొంగను కాల్చేశాడు. భిక్షకు వెళితే ఒక ఇల్లాలు భర్తకు వడ్డించి ఆలస్యంగా వచ్చింది. అతను మండిపడితే, నేను కొంగను కాను అంది. ధర్మం తెలుసుకోవాలంటే మిథిలలో మాంసం అమ్మే వ్యాధుడి దగ్గరికి వెళ్లమంది. ఆ వ్యాధుడు అంగడిలో కూర్చుని, తాను చంపని, ఇతరులు తెచ్చిన మాంసం అమ్ముతున్నాడు. బేరం నిజాయితీగా చేస్తాడు, ఉన్నదాంట్లో దానం చేస్తాడు. కౌశికుణ్ణి ఇంటికి తీసుకెళ్లి, స్నానం చేసి భోంచేసి తెల్లని బట్టలతో కూర్చున్న తన తల్లిదండ్రులను చూపించాడు. వీళ్లే నా దేవుళ్లు, నేనే స్నానం చేయిస్తాను, నేనే కాళ్లు కడుగుతాను, భార్యాబిడ్డలతో కలిసి నేనే భోజనం పెడతాను అన్నాడు.

ఆ తర్వాత అసలు దెబ్బ వేశాడు. నువ్వు వేదం కోసం తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఇల్లు వదిలి వచ్చావు, నీ కోసం ఏడ్చి ఏడ్చి వాళ్లకు చూపు పోయింది, వెళ్లి వాళ్లను చూసుకో అన్నాడు. తపస్సు ఫలం కోసం బయలుదేరిన పండితుడికి, ఏ ఫలమూ అడగని మాంసపు వర్తకుడు ఇంటి దారి చూపించాడు. ఇందులో స్నానం చేయించింది కొడుకు. భార్య కూడా చేస్తోంది, కానీ ఆ పని ఆమె మీద వదిలేసి అతను సభలో కూర్చోలేదు. మీ శ్రోతల్లో తల్లిదండ్రుల కోసం నెలనెలా డబ్బు పంపే కొడుకులు ఎక్కువ, అమెరికాలో ఉన్నవాళ్లూ వీడియోల్లో మిమ్మల్ని వింటారు. డబ్బు పంపడం తప్పని అనను, దూరంలో ఉన్నవాడు అంతే చేయగలడు. కానీ ఇక్కడ ఉన్న కొడుకు, తండ్రికి డైపర్ మార్చడం మగవాడి పని కాదనుకుంటే, ఆ మాట మిథిలలో చెల్లలేదని చెప్పండి.

మనసులో ఆశ పోయిందో లేదో ఎలా తెలుస్తుందని నన్ను జూనియర్ నర్సులు అడిగేవాళ్లు. గీత గుర్తులు ఇచ్చింది. సాత్విక కర్త ఎలా ఉంటాడంటే, నేను నేనని అనడు, ధైర్యమూ ఉత్సాహమూ కలిగి ఉంటాడు, పని అయినా కాకపోయినా మారిపోడు. ఇందులో ఉత్సాహం అన్న మాట ముఖ్యం. ముఖం వేలాడేసుకుని చేసేది నిష్కామమని మనకో అపోహ ఉంది. వార్డులో నేను చూసుకునే గుర్తులు ఇవి: తెల్లవారుజామున మూడు గంటలప్పుడు ఎవరూ చూడనప్పుడు తిప్పిన పక్క, డాక్టరు రౌండ్లలో తిప్పిన పక్కలాగే ఉందా? థాంక్స్ చెప్పకుండా వెళ్లిపోయిన రోగి పక్క మంచం మీద కొత్తగా వచ్చిన రోగికి నా చేయి కటువుగా తగిలిందా? హ్యాండోవర్‌లో తర్వాతి డ్యూటీ నర్సుకు అన్నీ చెప్పానా, నేను లేకపోతే జరగదని నిరూపించడానికి ఏదైనా దాచానా? చివరి ప్రశ్న ఆఫీసుల్లో పనిచేసేవాళ్లందరికీ వర్తిస్తుంది. తనకు తెలిసిన పని పక్కవాడికి నేర్పనివాడు ఎంత కష్టపడినా ఫలాన్ని గుప్పిట్లో పట్టుకునే ఉన్నాడు.

ఇది ఒక్కరోజులో పట్టుబడదు. శంకరాచార్యుల దృష్టిలో ఈ కర్మ చిత్తశుద్ధి కోసం, అంటే మనసు కడుక్కుంటూ ఉండడం కోసం. శ్రీవైష్ణవ సంప్రదాయంలో పనికి ముందూ తర్వాతా కర్తృత్వాన్నీ, ఇది నాదన్న మమకారాన్నీ, ఫలాన్నీ మూడింటినీ భగవంతుడికి వదిలేస్తున్నట్టు చెప్పుకునే సాత్విక త్యాగం ఉంది. ప్రతిసారీ చెప్పుకోవాలని పెట్టారంటే ప్రతిసారీ ఆశ మళ్లీ వస్తుందని పెద్దలకు తెలుసు. రావడం తప్పు కాదు, రాగానే మళ్లీ వదలాలి. వినోబా భావే 1932లో ధూలియా జైలులో ఆదివారాలు గీత చెప్పారు, తానూ ఖైదీగా ఉండి తోటి ఖైదీలకు చెప్పారు. బయటి పనికి లోపలి మనసు తోడైతేనే పని తేలికవుతుందన్నది ఆయన చెప్పినదాంట్లో నాకు బాగా పనికొచ్చిన భాగం. వినేవాళ్ల మీద ఉన్న బరువే ఆయన మీదా ఉంది, అందుకే ఆ మాటలకు అంత బలం.

కాబట్టి మీకు నా విన్నపం ఇది. ఈ గీతా జయంతికి 47వ శ్లోకం చెప్పేటప్పుడు నాలుగు పాదాలూ చెప్పండి. ఆ రోజే మూడో అధ్యాయంలోని దొంగ మాటను, ముందు వరుసలో కూర్చున్న యజమానులూ అధికారులూ వినేటట్టు చెప్పండి. పద్దెనిమిదో అధ్యాయంలోని 25వ శ్లోకాన్ని అత్తమామల సేవ ప్రస్తావన వచ్చిన చోట చెప్పండి. ధర్మవ్యాధుడి కథను కొడుకుల వైపు చూసి చెప్పండి. సభ అయిపోయాక మండపం ఊడ్చడానికి వచ్చేవాళ్లకు ఆ రోజు కూలి ఆ రోజే ఇచ్చారో లేదో నిర్వాహకులను అడిగి, అప్పుడు కారెక్కండి.